టీమ్ చాట్‌లో ఎత్తిపొడుపు మెసేజ్: బదులివ్వాలా, వదిలేయాలా?

రిలీజ్ రాత్రి

మా రిలీజ్ ఛానెల్‌లో 14 మందిమి. డెవలపర్లు, టెస్టర్లు హైదరాబాద్‌లో, క్లయింట్ వైపు మేనేజర్ డల్లాస్‌లో. ఈ సాయంత్రం 6:40కి టెస్టింగ్ లీడ్ గారు ఇలా పెట్టారు:

"పేమెంట్ పేజీ బగ్ గురించి సోమవారమే చెప్పాను. ఎవరికైనా తీరిక దొరికితే కాస్త చూడగలరు 🙂"

కింద మేనేజర్‌ని ట్యాగ్ చేశారు. ఆ బగ్ మా టీమ్‌లో ఒక కుర్రాడి పేరు మీద ఉంది. ఏ బ్రౌజర్‌లో వచ్చింది, ఏ టెస్ట్ కార్డు వాడారు అని అతను మంగళవారం ఉదయమే టికెట్‌లో అడిగాడు. ఇప్పటికీ జవాబు లేదు. అతను రాసి పెట్టుకున్న బదులు ఇది:

"చెప్పారు, కానీ వివరాలు ఇవ్వలేదు. మంగళవారమే అడిగాం. ఆలస్యం మీ వైపు నుంచే."

పంపనా అని అడుగుతుంటే ఆగమన్నాను. ఇది నిజంగా దెప్పడమేనా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా? బదులివ్వాల్సి వస్తే ఏమని ఇవ్వాలి?

కారంపొడి

ఇందులో ఊహించడానికేముంది? "తీరిక దొరికితే" అని స్మైలీ పెడితే అది దెప్పడమే. పైగా మేనేజర్ ట్యాగ్. చాట్‌లో స్మైలీ వచ్చిందంటే కోపం, ఫుల్‌స్టాప్ వచ్చిందంటే ఇంకా కోపం. కుర్రాడు రాసిందాంట్లో అబద్ధం ఏముంది? పంపేయమనండి. మౌనం అర్ధాంగీకారం అంటారు, రేపు అప్రైజల్‌లో ఆ మౌనమే ముందుకొస్తుంది.

పాత మానిటర్

కారంపొడి గారూ, స్మైలీ లెక్క సగమే నిజం. ఫుల్‌స్టాప్ పెట్టే అలవాటున్న మనిషి ఫుల్‌స్టాప్ పెడితే దానికి అర్థమేమీ ఉండదు. ఎప్పుడూ పెట్టని మనిషి ఒక్కసారిగా పెడితే ఉంటుంది. కాబట్టి ఆ మెసేజ్‌ని ఒంటరిగా చదవకండి. స్లాక్‌లో వెతికే పెట్టెలో `from:` తర్వాత ఆవిడ పేరు కొడితే పాత మెసేజ్‌లు వరసగా వస్తాయి. ఓ పదిహేను చదవండి. అందరికీ స్మైలీ పెడుతున్నారా? మామూలుగా మనిషి పేరు పెట్టి అడిగే ఆవిడ ఈసారి "ఎవరికైనా" అన్నారా? మేనేజర్‌ని ప్రతిసారీ ట్యాగ్ చేస్తారా, ఇదే మొదటిసారా? తేడా కనిపిస్తే అప్పుడు మాటలో ఏదో ఉందని అనుకోవచ్చు.

తెలుగులో రాసుకునే గ్రూపుల్లో దీనికి ఇంకా మంచి కొలత ఉంది. నిన్నటిదాకా "రవీ, చూశావా" అన్నవాళ్ళు ఇవాళ "రవి గారు చూసి పెడతారేమో" అంటే, ఆ గారు గౌరవం కాదు. నువ్వు మీరుగా మారిన చోట ఆగి చదవాలి. అదే మనిషి మొదటినుంచీ అందరినీ గారు అనే రకమైతే అందులో ఏమీ లేదు.

కోపం ఉందో లేదో అక్షరాల్లో పట్టుకోవడం మనం అనుకున్నంత తేలిక కూడా కాదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. వ్యంగ్యంగా కొన్ని, మామూలుగా కొన్ని వాక్యాలు ఈమెయిల్లో పంపించారు. అవతలివాళ్ళు నూటికి 78 సార్లు సరిగ్గా పడతారని పంపినవాళ్ళ అంచనా. నిజంగా పట్టుకున్నది 56. అవే వాక్యాలు గొంతుతో వినిపిస్తే 73. బొమ్మా బొరుసా అని నాణెం ఎగరేసినా 50 వస్తుంది కదా, రాతలో మన తెలివి దానికంటే ఎంత పైన ఉందో చూసుకోండి.

ఇర్వింగ్ వదిన

6:40 అన్నారు కదా, ఆ టైమ్ చూడండి ముందు. మా డల్లాస్ వైపు వేసవిలో ఉదయం 8 అంటే హైదరాబాద్‌లో సాయంత్రం 6:30. అంటే మేనేజర్ కాఫీ పట్టుకుని లాప్‌టాప్ తెరిచే వేళ. రోజూ 7 గంటలకు కాల్ గనక ఉంటే ఆవిడ మీ కుర్రాణ్ణి దెప్పడానికి రాసి ఉండకపోవచ్చు. "పేమెంట్ పేజీ ఏమైంది" అని కాల్‌లో మొదట అడిగేది టెస్టింగ్ లీడ్‌నే. ఆ ప్రశ్న వచ్చేలోపు "నేను సోమవారమే చెప్పాను" అని ఒక గొడుగు వేసుకున్నారు. మాట పుల్లగా ఉంది, కాదనను. కానీ అది మీ మీద విసిరిన రాయి కాదు, తన తల మీద పట్టుకున్న గొడుగు.

ఈ తేడా ఎందుకంటే, బదులు రాసే తీరే మారిపోతుంది. రాయి అనుకుంటే తిరిగి విసురుతారు. గొడుగు అనుకుంటే, మేనేజర్‌కి చెప్పుకోవడానికి ఆవిడకు ఒక వాక్యం అందిస్తారు. ఆ వాక్యం అందగానే దెప్పాల్సిన అవసరం సగం తీరిపోతుంది.

రిలీజ్ రాత్రి

కాల్ ఉందండి, సరిగ్గా 7కే. బగ్ సంగతి వచ్చింది కూడా. "డెవలపర్లు చూస్తున్నారు" అన్నారు ఆవిడ, అంతే. పాత మెసేజ్‌లు ఇప్పుడే చూశాను. స్మైలీ ఆవిడ అందరికీ పెడతారు. కానీ మేనేజర్‌ని ట్యాగ్ చేయడం ఈ రెండు నెలల్లో ఇదే మొదటిసారి.

తెనాలి పంతులమ్మ

మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే గోల. "కొంతమంది బెల్లు కొట్టాక కూడా స్టాఫ్ రూమ్ వదలరు" అని పెద్దసారు పెడతారు. బ్లూ టిక్‌లు అందరికీ పడతాయి, ఎవరూ పలకరు. బ్లూ టిక్ పడ్డాక పలక్కపోతే తప్పు ఒప్పుకున్నట్టేనా? అసలు బ్లూ టిక్ ఆపేస్తే మంచిదేమో కదా, మీ స్లాక్‌లో అది ఆపొచ్చా?

పాత మానిటర్

అమ్మా, స్లాక్‌లో బ్లూ టిక్‌లే లేవు, ఆపడానికి. ఇక్కడి ప్రశ్న కూడా అది కాదు. కానీ మీ ఉదాహరణ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది ఈయనగారి దానికి పూర్తిగా ఎదురు.

"కొంతమంది" అన్న మాటలో పేరు లేదు, ప్రశ్న లేదు, గడువు లేదు, రికార్డులో మిగిలిపోయే తప్పుడు సమాచారమూ లేదు. దానికి బదులిస్తే ఏమవుతుంది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. నేను సమయానికే వెళ్తున్నానండీ అన్నవాళ్ళ వైపే అందరూ తిరుగుతారు. దాన్ని వదిలేయడమే పని. మీ గురించేనని గట్టి అనుమానం ఉంటే స్టాఫ్ రూమ్‌లో నేరుగా వెళ్ళి అడగండి, గ్రూపులో కాదు.

ఈయనగారి మెసేజ్‌లో మాత్రం రెండు పదార్థాలు ఉన్నాయి. ఒకటి, బగ్ స్థితి ఏమిటన్న అసలు ప్రశ్న. రెండోది, సోమవారం నుంచి ఎవరూ పట్టించుకోలేదన్న అర్థం. ఆ రెండోది నిజం కాదు, మేనేజర్ చదివేశారు. కాబట్టి దీన్ని వదిలేయకూడదు. తీరిక, స్మైలీ అన్నవి మాత్రం పొట్టు. గింజకు బదులివ్వాలి, పొట్టు ఊదేయాలి.

ఓరుగల్లు శీను

అన్నా, నేనైతే ఒక పని జేస్త. మెసేజ్ కాపీ జేసి నోట్‌ప్యాడ్‌ల పెట్టి, కొట్టేస్త పో. తీరిక కొట్టేయ్, స్మైలీ కొట్టేయ్, సోమవారమే అన్న 'ఏ' కొట్టేయ్. ఏం మిగిలింది? "పేమెంట్ బగ్ సంగతేంది?" గంతే. గా మిగిలిన దానికే జవాబు రాయాలె. ఏం మిగల్లేదనుకో, రాసుడే వద్దు. ఇగ కుర్రాడు రాసిండు కదా, "ఆలస్యం మీ వైపు నుంచే" అని. గది పోతే రెండో మెసేజ్ వస్తది, మూడోది వస్తది, బగ్ ఆడనే ఉంటది.

కారంపొడి

సరే, కానీ మంగళవారం అడిగిన సంగతి చెప్పకపోతే తప్పు మనదే అని మిగిలిపోతుంది కదా? గింజ అన్నారు, అదీ గింజే.

పాత మానిటర్

అదీ గింజే, ఒప్పుకుంటాను. చెప్పే తీరులో ఉంది తేడా. నేనైతే ఇలా రాస్తాను:

"పేమెంట్ పేజీ బగ్: మా సిస్టమ్‌లలో ప్రయత్నించాం, తిరిగి రావడం లేదు. బ్రౌజర్ వెర్షన్, వాడిన టెస్ట్ కార్డు, ఈ రెండు వివరాలు కావాలి. టికెట్‌లో ఈ కామెంట్ దగ్గర అడిగి ఉంచాం (లింక్). అవి రేపు మధ్యాహ్నంలోగా అందితే, సోమవారం 3 గంటలకు పరిస్థితి ఇక్కడే చెబుతాం."

ఇందులో "మీరు" అన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. "మీరు ఇవ్వలేదు" అంటే అవతలివారికి నిందే వినిపిస్తుంది, "వివరాలు కావాలి" అంటే పని వినిపిస్తుంది. మంగళవారం అన్న మాటా కావాలనే తీసేశాను. లింక్ నొక్కితే కామెంట్ పక్కన తేదీ, గంట వాటంతటవే కనిపిస్తాయి. మన నోటితో తేదీ చెప్తే ఎత్తిపొడుపుకి ఎత్తిపొడుపు, టికెట్ చెప్తే రికార్డు. చివరి వాక్యంలో గంట ఉంది చూడండి, అదే వదిన గారు చెప్పిన గొడుగు. మళ్ళీ అడిగితే చెప్పుకోవడానికి ఆవిడకు ఒక గడువు దొరికింది.

ఈ బదులుకి ఉల్టాగా ఇంకో తప్పు చేస్తారు చాలామంది. "సారీ అండి, వెంటనే చూస్తాం" అని పెట్టేస్తారు. గొడవ అప్పటికి ఆగుతుంది. కానీ ఎవరూ చూడలేదన్న అబద్ధానికి ముద్ర పడుతుంది, "వెంటనే"కి గంట లేదు కాబట్టి రెండు రోజుల్లో అదే మెసేజ్ ఇంకాస్త పుల్లగా తిరిగొస్తుంది.

ఇర్వింగ్ వదిన

ఆ మెసేజ్ కింద థ్రెడ్‌లోనే పెట్టండి, కొత్తగా ఛానెల్‌లో వద్దు. మేనేజర్ ట్యాగ్ అయ్యారు కాబట్టి కింద ఉన్నా చూస్తారు. ఛానెల్‌కి కూడా పంపాలా అని అడిగే చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని టిక్ చేయకండి. టిక్ చేస్తే మొత్తం 14 మంది ముందు మళ్ళీ పడుతుంది, జవాబు కాస్తా ప్రకటన అవుతుంది.

ఈ రాత్రే పంపాల్సిన తొందర లేదు. కాల్ అయిపోయింది. రేపు పొద్దున 10కి పంపినా మా మేనేజర్లు మళ్ళీ తెరిచేసరికి ఉంటుంది. కోపంలో రాసింది రాత్రి డ్రాఫ్ట్‌గా ఉండటమే మేలు.

చిన్న మేనేజర్

ఒక్కచోట తేడాగా చెప్తాను. కుర్రాడి తరఫున మీరు బదులిస్తే "పిల్లాడి వెనక పెద్దాయన వచ్చాడు" అన్న రంగు పడుతుంది. ఆవిడ కూడా తన లీడ్ హోదాతో దిగుతారు. బదులు కుర్రాడే ఇవ్వాలి, మీరు మాటలు సరిచేసి పెట్టండి.

ఆ తర్వాత మీరు, ఆవిడ ఇద్దరే ఫోన్లో ఒక ఐదు నిమిషాలు మాట్లాడండి. మేనేజర్ ట్యాగ్ రెండు నెలల్లో మొదటిసారి అన్నారు కదా, అడగాల్సింది దాని గురించే. ఎత్తిపొడుపు గురించి కాదు. "మేడమ్, ఈసారి మేనేజర్ గారిని కలిపారు, మా వైపు నుంచి ఏదైనా ఆగిపోయిందా?" అంటే చాలు.

కారంపొడి

అంటే మా చిరాకు మాత్రం చెప్పకూడదన్నమాట. "మీ మెసేజ్ నాకు ఇబ్బందిగా అనిపించింది" అని నేరుగా చెప్పమనే కదా ఆఫీసు ట్రైనింగుల్లో నేర్పేది?

చిన్న మేనేజర్

నేర్పుతారు. ఇద్దరి మధ్య అప్పటికే చనువుంటే పనిచేస్తుంది కూడా. చనువు లేని చోట మన వాళ్ళు దానికి చెప్పే జవాబు ఒకటే, "అయ్యో, నేను మామూలుగానే అన్నానండీ, మీరే అలా అనుకున్నారు." అక్కడితో తలుపు మూసుకుంటుంది. పైగా ఆవిడ మీ దగ్గర జాగ్రత్త పడటం మొదలుపెడతారు, ఆ జాగ్రత్త పనికి ఇంకా చెరుపు. అనిపించింది అన్న మాటకి రుజువు ఉండదు, ఆగిపోయిన పనికి ఉంటుంది.

పాత మానిటర్

ఇలా పైకి మర్యాదగా ఎత్తిపొడిస్తే పాసివ్ అగ్రెసివ్ అంటారు కదా, ఆ మాటకి ఒక పాత ముడి ఉంది. పాసివ్ అగ్రెసివ్ అన్న పేరు 1945లో అమెరికా సైన్యం వైద్య పత్రంలో వచ్చింది, విలియం మెనింగర్ అనే సైకియాట్రిస్ట్ హయాంలో. అక్కడ దాని అర్థం పుల్లటి మాటలు కాదు. ఆజ్ఞను ఎదిరించరు, అలా అని పనీ చేయరు: మూతి ముడుచుకోవడం, నాన్చడం, చేసీ చేయనట్టు చేయడం. నేను చాట్‌లోనూ ఆ పాత అర్థాన్నే పట్టుకుంటాను. పుల్లగా మాట్లాడుతూ వివరాలు ఇస్తున్న మనిషితో గొడవ లేదు, మాటతీరు అంతే. తియ్యగా "నోటెడ్ అండి" అంటూ మూడోసారీ వివరాలు ఇవ్వని మనిషి దగ్గరే అసలు చిక్కు. మీరు చూడాల్సింది కూడా అదే: రేపు మధ్యాహ్నానికి ఆ రెండు వివరాలు వస్తాయా, రావా.

రిలీజ్ రాత్రి (మర్నాడు)

కుర్రాడే పంపాడు, పాత మానిటర్ గారి మాటలు దాదాపు అలాగే. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. బ్రౌజర్ వెర్షన్, కార్డు రెండూ ఇచ్చారు, స్క్రీన్ రికార్డింగ్ కూడా జతచేశారు.

ఫోన్లో అసలు సంగతి తేలింది. టికెట్ వేసింది ఆవిడ కాదు, ఆవిడ దగ్గర పనిచేసే జూనియర్. ఆ అమ్మాయి మంగళవారం నుంచి సెలవులో ఉంది. ప్రశ్న నోటిఫికేషన్ ఆ అమ్మాయికే వెళ్ళింది. లీడ్ గారు ఆ టికెట్‌కి వాచర్ కాదు. కాబట్టి ఆవిడ దృష్టిలో సోమవారం నుంచి నిజంగానే ఎవరూ పలకలేదు.

ఓరుగల్లు శీను

అగో, సూడు! ఆలస్యం మీ వైపు నుంచే అని పంపి ఉంటే ఏమయ్యేది? ఇకమీద టికెట్‌ల ప్రశ్న అడిగితే కామెంట్ల మనిషి పేరు @ పెట్టి రాయమను. రిపోర్టర్ సెలవుల ఉంటే లీడ్ పేరు గూడ పెట్టాలె. సగం లొల్లి గీ నోటిఫికేషన్ కాడనే పుడుతది.

రిలీజ్ రాత్రి

పెడుతున్నాం. ఒక్కటి మిగిలింది. ఆ మొదటి మెసేజ్ కింద మా టీమ్‌లోని ఇంకో డెవలపర్ నవ్వే ఎమోజీ పెట్టాడు. లీడ్ గారు దాని గురించి ఫోన్లో ఏమీ అనలేదు, కానీ చూసే ఉంటారు. తీయమని చెప్పనా?

ఇర్వింగ్ వదిన

తీయమని నెమ్మదిగా చెప్పండి, పర్సనల్‌గా. స్లాక్‌లో ఎమోజీ తీసేస్తే గుర్తేమీ మిగలదు. వాట్సాప్‌లో మెసేజే తీసేస్తే మాత్రం "ఈ మెసేజ్ డిలీట్ అయింది" అని అక్కడే కూర్చుంటుంది, ఏం రాసి తీశారో అని అందరూ ఊహించుకోవడం మొదలు. అక్కడ తప్పు దిద్దుకోవాలంటే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయడమే కాస్త నయం.

చిన్న మేనేజర్

నేను తీయించను. ఇప్పుడు తీస్తే ఎవరో చెప్పి తీయించారని ఆవిడకు తెలుస్తుంది, లేని ప్రాముఖ్యం వస్తుంది. ఆ అబ్బాయికి మాత్రం చెప్పండి: ఇద్దరి మధ్య మాట నడుస్తుంటే మూడో మనిషి పెట్టే నవ్వు ఎవరి పక్షమో ఎవరికీ తెలీదు, ఇద్దరూ తమ మీదే అనుకుంటారు.

కారంపొడి

వదిన గారిదే సరైందనిపిస్తోంది నాకు. ఉంచితే ఛానెల్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ చూస్తారు. ఇంకో మాట, లీడ్ గారికి టికెట్ చూసుకోవడం రాదా? ట్యాగ్ చేసేముందు తెరిచి ఉంటే ప్రశ్న కనిపించేది కదా. ఆ తప్పు ఎవరూ మాట్లాడట్లేదు.

పాత మానిటర్

కనిపించేది. ఆ తప్పు ఆవిడదే. అయితే ఛానెల్‌లో కాదు, ఫోన్లోనే చెప్పాలి. "ఈసారి టికెట్ ఒకసారి చూసి పెట్టండి మేడమ్" అంటే సరిపోతుంది. ఆయన అన్నారో లేదో మరి.

రిలీజ్ రాత్రి

అనలేదండి. ఆవిడే "అయ్యో, నేను టికెట్ తెరవలేదు" అన్నారు. ఇక నేనేం అంటాను. ఎమోజీ సంగతి సోమవారం 3 గంటల అప్‌డేట్ పెట్టాక చూస్తాను. ముందు ఆ కార్డుతో బగ్ మా దగ్గర వస్తుందో లేదో తేలాలి.